మిగిలిన పాలు: ముందు పెరుగు, మిగిలితే నెయ్యి, అడిగితేనే పనీర్

ప్రశ్న: కావలి దగ్గర మాది పల్లె. రెండు గేదెలు. పొద్దుటి పాలు కేంద్రానికి పోతాయి, సాయంత్రం ఆరు లీటర్లు మిగులుతున్నాయి. పెరుగా, నెయ్యా, పనీరా, ఏది చేస్తే నాలుగు డబ్బులొస్తాయి?

పెరుగే. నెయ్యి గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ ఒకసారి లెక్కేసి చూడండి. ఏడు శాతం వెన్న ఉన్న గేదె పాలైతే, తోడేసి చిలికి కాచినప్పుడు లీటరుకి 60, 65 గ్రాముల నెయ్యి చేతికొస్తుంది. అంటే కిలో నెయ్యికి దాదాపు 16 లీటర్లు. పాలు లీటరు 50 అనుకుంటే వాటి ఖరీదే 800. నెయ్యి కిలో 900కి అమ్మినా లీటరుకి ఆరు రూపాయలే, ఆ పైన గ్యాసు, చాకిరి. మజ్జిగ కొనేవాళ్లుంటే ఇంకొంచెం నయం. అదే పాలు గడ్డపెరుగై కిలో 70కి పోతే, మరగడంలో తగ్గింది తీసేసినా లీటరుకి 14, 15 మిగులుతాయి. మీ ఊరి ధరలు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

పెరుగుకున్న చిక్కల్లా మన ఎండలు. సాయంత్రం ఏడింటికి తోడేస్తే రోహిణీ కార్తెలో అర్ధరాత్రికే తోడుకుంటుంది, తెల్లారేసరికి పులుస్తుంది. అందుకని పాలు పిండగానే పొంగించి, సన్న మంట మీద పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి ఉంచండి. రాత్రి పదింటికి మళ్లీ గోరువెచ్చగా చేసి తోడేయండి. వేలు పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. చలికాలంలో లీటరుకి చెంచా తోడు కావాలి, ఎండాకాలంలో అర చెంచా చాలు. అమ్మే డబ్బాల్లోనే పోసి తోడేయండి. తోడుకున్నాక గిన్నె నుంచి గిన్నెకి మార్చితే గడ్డ విరిగి నీరు తేలుతుంది. తెల్లవారుజామున గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

పెరుగు తీగలా సాగుతోందంటే తోడు చెడిందన్నమాట. దాన్ని పారేసి వేరే ఇంటి నుంచి మంచి తోడు తెచ్చుకోవాలి. పాలు అసలు తోడుకోకపోతే మాత్రం గేదె వైపు చూడండి. పొదుగువాపుకి సూదిమందు వేయించిన గేదె పాలలో ఆ మందు దిగుతుంది, తోడులోని సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు పెరుగుకీ వద్దు, కేంద్రానికీ వద్దు. తెలిసీ కలిపేసేవాళ్లున్నారు, అది చాలా తప్పు. ఆ పాలు తాగేది పసిపిల్లలు కూడా.

ఇక నెయ్యి అమ్ముడుపోని పెరుగుకి దారి. రోజూ కిలో మిగిలిందనుకోండి, ఫ్రిజ్‌లో దాచి మూడు రోజులకొకసారి చిలకండి. అంతకు మించి ఉంచితే పులుపు ముదిరి నెయ్యికి వాసనొస్తుంది. పచ్చి మీగడ వారాల తరబడి పోగేసి కాచే నెయ్యికి కమ్మదనం ఉండదు, తోడేసి చిలికిన వెన్నకే ఆ వాసన. ఎండాకాలంలో వెన్న పడక మజ్జిగలోనే ఉండిపోతుంది, అక్కడే గ్రాములు పోతాయి. తెల్లవారుజామున కుండలోని చల్లటి నీళ్లు పోసి చిలకండి. వెన్న సజ్జ గింజలంత పూసలు కట్టగానే కవ్వం ఆపేయాలి. ఇంకా తిప్పితే మజ్జిగంతా ముద్దలో చిక్కుకుంటుంది. రెండుసార్లు చన్నీళ్లతో కడిగి కాచండి. కాగేటప్పుడు చిటపట చప్పుడు ఆగి, నురుగు సన్నబడి, అడుగు మడ్డి లేత గోధుమ రంగుకి రాగానే దించి తమలపాకు వేయండి. చప్పుడు పూర్తిగా ఆగకముందే దించితే నీటి చెమ్మ ఉండిపోయి నెలలోపే కంపు కొడుతుంది. మడ్డి నల్లబడిందంటే నెయ్యి మాడినట్టే.

పనీర్ హోటలు వాళ్లు ముందురోజు చెబితేనే చేయండి. ఐదు లీటర్ల గేదె పాలకి దాదాపు కిలో వస్తుంది. పాలు బాగా పొంగించి దించి, పొంగు అణిగాక కూడా వేడి 70 డిగ్రీలకి దిగేదాకా ఆగండి. పది గ్రాముల నిమ్మఉప్పు లీటరు వేడినీళ్లలో కరిగించి, సన్నధారగా పోస్తూ నెమ్మదిగా కలపండి. విరిగిన నీళ్లు లేత ఆకుపచ్చగా, తేటగా కనబడగానే ఆపాలి, ద్రావణం మిగిలినా సరే. నీళ్లు తెల్లగా ఉన్నాయంటే వాటిలో మీ పనీర్ పోతోందని అర్థం, ఇంకొంచెం పోయండి. పొదలకూరు నిమ్మకాయలు మన దగ్గర దొరుకుతాయి కదా అనిపిస్తుంది గానీ కాయకో పులుపు, ఒక రోజు వచ్చిన పనీర్ మరో రోజు రాదు. మసిలే పాలలోనే పులుపు పోస్తే ముక్క రబ్బరులా సాగుతుంది. గుడ్డలో కట్టి పావుగంట బరువు పెట్టి, తర్వాత రెండు గంటలు ఐసు నీళ్లలో ముంచి ఉంచితే ముక్కలు పొడి కాకుండా తెగుతాయి. విరుగుడు నీళ్లు పారబోయకండి, చల్లారాక కొంచెం కొంచెంగా కుడితిలో కలిపితే గేదెలు తాగుతాయి.