డాక్టర్ సలహా: టిఫిన్ చేయకుండా రెండు టాబ్లెట్లు వేసుకుని స్టీరింగ్ పట్టుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 56. తొమ్మిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కి గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసిన టాబ్లెట్ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వాడుతున్నాను. పని మీద తరచూ కారులో విజయవాడ వెళ్తుంటాను. దారిలో బయటి తిండి కాబట్టి ఆ రోజు పొద్దున ఐదున్నరకు రెండు టాబ్లెట్లు వేసుకుని, టిఫిన్ సూర్యాపేటలో చేద్దామని ఆరింటికి బయల్దేరతాను. పోయిన నెల బయల్దేరే ముందు షుగర్ 104 ఉంది. సూర్యాపేట ఇంకా పాతిక కిలోమీటర్లు ఉందనగా చెమటలు పట్టి చేతులు వణికాయి. చాక్లెట్ తిని నడుపుతూనే వెళ్లాను, ఊరు చేరేసరికి సర్దుకుంది. అసలు షుగర్ ఎంత ఉంటే కారు నడపొచ్చు? మీటరు, చాక్లెట్లు ఎప్పుడూ కారు డ్యాష్‌బోర్డు అరలోనే ఉంటాయి, సరిపోతాయా? ఏ కంపెనీ మీటరు మంచిది?
— ఒక పాఠకుడు, కొత్తపేట, హైదరాబాద్

జవాబు: మీటరు కంపెనీ సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ రెండో టాబ్లెట్ గురించి మాట్లాడాలి. దాన్ని ఎవరు వేసుకోమన్నారండీ? బయట తినబోయే పూరీకి ఇంట్లోనే లెక్క సరిచేసుకుని బయల్దేరడం నేను ఓపీలో తరచూ వినే మాటే. పెళ్లి భోజనానికి ముందు ఒకటి ఎక్కువ, పండక్కి ఒకటి ఎక్కువ. ఇంట్లో కూర్చునే రోజు ఇలా చేసినా తప్పే. కారు నడిపే రోజు చేస్తే ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణం కూడా అందులో కలుస్తుంది.

ఆ రోజు ఏం జరిగి ఉంటుందో చూడండి. గ్లిమిపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు. పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. వేసుకున్న రెండు మూడు గంటలకు రక్తంలో దాని మోతాదు గరిష్ఠంగా ఉంటుంది. మీరు ఐదున్నరకు వేసుకున్నారు, అదీ రెండింతలు. ఏడున్నర, ఎనిమిది మధ్య హైవే మీద ఉన్నారు, కడుపులో ఏమీ లేదు. అంటే మందు జోరు, ఖాళీ కడుపు, కారు వేగం మూడూ ఒకే సమయానికి కలిశాయి. బయల్దేరేటప్పుడు కనిపించిన 104 తప్పు కాకపోవచ్చు. కానీ అది ఆ నిమిషం సంగతి మాత్రమే చెబుతుంది. అక్కడి నుంచి పైకి వెళ్తుందా, కిందికి వెళ్తుందా అన్నది అంతకు ముందు మీరు ఏం మింగారు, ఏం తిన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నం తిన్న గంటకు కనిపించే 104 వేరు, ఖాళీ కడుపుతో గ్లిమిపిరైడ్ వేసుకున్నాక కనిపించే 104 వేరు.

ఇక అంకెలు. ఇన్సులిన్ వాడే డ్రైవర్లకు బ్రిటన్‌లో పాటించే లెక్కనే నేను గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్లకు కూడా చెబుతుంటాను. స్టీరింగ్ పట్టుకునే ముందు 90 పైన ఉండాలి. 70కి, 90కి మధ్య ఉంటే ఏదైనా తిని, మళ్లీ చూసుకుని, 90 దాటాకే బయల్దేరాలి. 70 కన్నా తక్కువైతే బండి తాళం ఎవరికైనా ఇచ్చేయండి, ముందు వైద్యం. లో షుగర్ అంటే 70 కదా, 90 ఎందుకని అడుగుతారు. ఇంట్లో వాడే మీటర్లలో అసలు విలువకు 15 శాతం దాకా అటూ ఇటూ తేడా రావచ్చు. మీటరు 90 అంటే నిజంగా 78 ఉండొచ్చు. పైగా దారిలో తగ్గడానికి కొంత జాగా ఉండాలి. వయసు పైబడినవాళ్లకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు నేను ఇంకాస్త పైనే ఉండమంటాను. మీ క్రియాటినిన్ ఎంతో రాయలేదు. కిడ్నీ మందగిస్తే గ్లిమిపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి ఈ మధ్య చేయించకపోతే చేయించండి.

చూసుకోవాల్సింది బయల్దేరే ముందు ఒక్కసారే కాదు. దారిలో ప్రతి రెండు గంటలకూ ఒకసారి చూడాలి. మీ దారిలో అయితే ఇంటి దగ్గర ఒకటి, సూర్యాపేటలో ఆగినప్పుడు ఒకటి, చిల్లకల్లు టోల్ దాటాక బండి ఆపుకునే చోట ఇంకొకటి. టిఫిన్‌కి సూర్యాపేట దాకా ఆగకండి. టాబ్లెట్ వేసుకున్నాక ఇంట్లోనే రెండు ఇడ్లీలో, ఉప్మానో తినండి. తొందరగా బయల్దేరాల్సి వస్తే టాబ్లెట్ టిఫిన్‌తో పాటు దారిలో వేసుకోవచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి. చాలామందికి అది కుదురుతుంది. మీ ఫైలు చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను.

ఇప్పుడు చాక్లెట్. ఇందులో మీరు గమనించని విషయం ఒకటుంది. మీ టాబ్లెట్‌లో వోగ్లిబోస్ ఉంది. మనం తినే చక్కెరను పేగులో విడగొడితేనే అది గ్లూకోజ్‌గా రక్తంలోకి వెళ్తుంది. ఆ విడగొట్టే పనినే వోగ్లిబోస్ ఆపుతుంది. భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగకూడదని ఇచ్చే మందు కాబట్టి మామూలు రోజుల్లో అది మంచిదే. షుగర్ పడిపోయినప్పుడు మాత్రం అదే అడ్డం పడుతుంది. పంచదార, బెల్లం, మిఠాయి, కూల్ డ్రింక్ ఏది తీసుకున్నా ఆలస్యంగా పనిచేస్తాయి. చాక్లెట్‌లో కొవ్వు కూడా ఉంటుంది, అది ఇంకా ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు కావాల్సింది నేరుగా గ్లూకోజే. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడి ప్యాకెట్ తిప్పి చూసి డెక్స్‌ట్రోజ్ అని ఉన్నది కొనండి, పంచదార కలిపిన ఎనర్జీ పౌడర్ వద్దు. ఇంట్లో 15 గ్రాముల చొప్పున తూచి చిన్న పొట్లాలు కట్టుకోండి. తూచే వీలు లేకపోతే నిండుగా మూడు టీస్పూన్లు అనుకోండి. నాలుగైదు పొట్లాలు, ఒక నీళ్ల సీసా, తర్వాత తినడానికి బిస్కెట్లు ఉంటే చాలు. అవి డిక్కీలో కాదు, కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాస్తే అందేలా ఉండాలి.

మరి ఆ రోజు అరగంటలోపే ఎలా సర్దుకుంది అంటారా? షుగర్ పడిపోతే శరీరం అడ్రినలిన్ వదులుతుంది, లివర్ తన దగ్గరున్న గ్లూకోజ్‌ని బయటికి పంపుతుంది. మీ చెమట, వణుకు ఆ అడ్రినలిన్ వల్లే. చాక్లెట్ కన్నా లివరే మిమ్మల్ని గట్టెక్కించి ఉండొచ్చు. కానీ ఈ ఏర్పాటు ప్రతిసారీ పనిచేయదు. తరచూ షుగర్ పడిపోయేవాళ్లలో ఆ హెచ్చరికలు క్రమంగా తగ్గిపోతాయి, వణుకూ గిణుకూ లేకుండానే మెదడు మందగిస్తుంది. బీపీ టాబ్లెట్ పేరు మీరు రాయలేదు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటిదైతే గుండె దడ, వణుకు బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కాబట్టి ఏసీ వేసుకున్న కారులో చెమట పట్టిందంటే ముందు షుగర్ పడిపోయిందనే అనుమానించండి.

మళ్లీ అలా అనిపిస్తే ఊరు దగ్గరలోనే ఉంది కదా అని లాగించకండి. నన్ను ఎక్కువ భయపెట్టింది మీ చెమట కాదు, ఆ పాతిక కిలోమీటర్లు. పక్క లైట్లు వేసి మొదట దొరికిన బంకులోకో, దాబాలోకో తిప్పండి. హైవే అంచున ఆపితే వెనక నుంచి వచ్చే లారీతో ఇంకో ప్రమాదం. వేరే దారి లేకపోతే మాత్రం రోడ్డు దిగి వీలైనంత పక్కకు ఆపండి. ఇంజిన్ ఆపి, తాళం తీసి, డ్రైవర్ సీట్లోంచి పక్క సీట్లోకి మారండి. ఒక పొట్లం గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగండి. వీలైతే తాగే ముందే షుగర్ చూసుకోండి, చేతులు వణికి కుదరకపోతే ముందు తాగేయండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే రెండో పొట్లం. కోలుకున్నాక బిస్కెట్లో, టిఫినో తినాలి. ఎందుకంటే గ్లూకోజ్ త్వరగా కరిగిపోతుంది, గ్లిమిపిరైడ్ మాత్రం గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది.

మీటరు 90 దాటగానే తాళం తిప్పకండి. అక్కడి నుంచి ఇంకో 45 నిమిషాలు ఆగాలి. రక్తంలో షుగర్ సరిపోయినా మెదడు పూర్తిగా తేరుకోవడానికి అంత సమయం పడుతుంది. మీకు బాగానే ఉందనిపిస్తుంది, బ్రేక్ మీద కాలు మాత్రం ఒక క్షణం ఆలస్యంగా పడుతుంది. ఆ రోజంతా షుగర్ మళ్లీ పడిపోవచ్చు కాబట్టి, తోడుగా ఎవరైనా ఉంటే స్టీరింగ్ వాళ్లకే ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దని, వెంటనే 108కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది. గ్లిమిపిరైడ్ వల్ల అంత దూరం వస్తే ఒక సెలైన్‌తో ఇంటికి వెళ్లిపోయేది కాదు, ఆసుపత్రిలో ఉంచి గమనించాలి.

షుగర్ మరీ ఎక్కువగా ఉన్నా ఇబ్బందే. 300 దాటి దాహం, చూపు మసక, మగత ఉంటే ఆ రోజు నడపకండి. దాన్ని దించడానికి ఇంకో టాబ్లెట్ అసలే వద్దు.

డ్యాష్‌బోర్డు అరలో మీటరు వద్దు. చాలా రకాల స్ట్రిప్పుల డబ్బా మీద 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో మూసి ఉన్న కారు లోపల అంతకు చాలా ఎక్కువే ఉంటుంది. వేడి తగిలిన స్ట్రిప్పు చూడటానికి మామూలుగానే ఉంటుంది, అంకె తప్పు చూపిస్తుంది. మీటరు, స్ట్రిప్పులు, లాన్సెట్లు ఒక చిన్న సంచిలో పెట్టుకుని, మీరు కారు దిగితే సంచి కూడా దిగాలి. స్ట్రిప్పులు వాటి డబ్బాలోనే, మూత బిగించి ఉంచండి. గ్లూకోజ్ పొట్లాలు మాత్రం కారులో ఉండొచ్చు, తేమ తగలకుండా మూత డబ్బాలో పెడితే చాలు.

ఇంకొకటి. పరీక్షకు ముందు చేతులు నీళ్లతో కడిగి తుడుచుకోండి. దారిలో మామిడి పండో, బత్తాయో ఒలుచుకుని తిన్న వేలితో చూస్తే 65 ఉన్న మనిషికి కూడా 150 చూపించొచ్చు. నీళ్లు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క వాడండి.

కంపెనీ అడిగారు. మీరు వెళ్లే ఊళ్లలో స్ట్రిప్పులు సులువుగా దొరికేది ఏదైనా కొనండి. కొన్నాక ఒకసారి ల్యాబ్‌లో రక్తం ఇచ్చేటప్పుడే దానితోనూ చూసి, రెండు అంకెలూ పోల్చుకోండి. ఈ వారంలోనే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, రెండో టాబ్లెట్ సంగతి దాచకుండా చెప్పండి. ఆయన మీ గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించొచ్చు, మందే మార్చొచ్చు. అప్పటిదాకా విజయవాడకి బస్సులో వెళ్లండి.