"నచ్చింది, ఏకీభవిస్తున్నాను" అన్న రిప్లైకి మార్కులెలా వేయాలి?

"మా ఆన్‌లైన్ కోర్సులో చర్చకు 10 మార్కులు. అందరూ క్లాస్‌మేట్ పేరు పెట్టి రెండు పేరాలు రాస్తున్నారు. నిజంగా చదివి రాశారో లేదో ఎలా తేల్చాలి?"

మేడమ్, నేను చేసేది ఒకటే. మొదటి విద్యార్థి రాసినదాన్ని చేత్తో మూసేసి రిప్లై ఒక్కటే చదువుతాను. అది ఏ లోటూ లేకుండా అర్థమైపోతే, పేరు పెట్టినా అది విడి వ్యాసమే.

మొన్న రైతుబంధు మీద చర్చ పెట్టాను. ఒకమ్మాయి "పెట్టుబడి సాయం వల్ల అప్పుల అవసరం తగ్గింది" అని రాసింది. మొదటి రిప్లై: "బాగా చెప్పారు. ఈ పథకం 2018లో మొదలైంది, ఎకరానికి సీజన్‌కు 4,000 ఇచ్చారు." సమాచారం సరైనదే, కానీ ఆమె వాదనను తాకలేదు. 3 ఇచ్చాను.

రెండో రిప్లై: "అప్పులు తగ్గాయన్నారు కదా, డబ్బు పట్టాదారుకే వెళ్లింది. కౌలు రైతుకు కూడా తగ్గాయనగలమా? మీ మాట సొంత భూమి ఉన్నవారికే పరిమితం చేస్తే ఒప్పుకుంటాను." ఇది ఆమె వాక్యాన్ని పట్టుకుని దాని హద్దు చూపించింది. దీనికి 8. ఆ అమ్మాయి తిరిగొచ్చి తన మాట సవరించుకుంది కూడా.

వ్యతిరేకించాలనేమీ లేదు, ఆమె వాదనకు కొత్త ఆధారం తెచ్చినా చాలు. అన్నట్టు, అందరికంటే ముందు రాసినవారికి స్పందించడానికి ఎవరూ ఉండరు, వాళ్లు తర్వాత రాసే రిప్లైని బట్టే వాళ్లకు మార్కులు వేయండి.