"వచ్చే శుక్రవారం సాయంత్రం" అని మాత్రమే మెసేజ్ వస్తే

చిన్నా,

ఇకనుంచి పూజల బుకింగులు నీ ఫోన్‌కే వస్తాయి కాబట్టి ఈ ఒక్క సంగతి వివరంగా రాస్తున్నా. మనవాళ్లు చాలామంది వాట్సాప్‌లో "వచ్చే శుక్రవారం సాయంత్రం" అని పెట్టేసి ఊరుకుంటారు, ఏం పూజో ఎక్కడో ఏమీ ఉండదు. వెంటనే "దేనికండీ" అని కొట్టకు. ముందు చాట్ పైకి జరిపి చూడు, ఎప్పుడో మనమే "ఎప్పుడు పెట్టుకుంటారు" అని అడిగి ఉంటాం, ఇది దానికి జవాబు అయ్యుండొచ్చు.

అక్కడేం దొరక్కపోతే పంచాంగం తియ్యి. 2025 శ్రావణమే తీసుకో, జులై 31 గురువారం ఈ మెసేజ్ వచ్చిందనుకో, కొంతమందికి వచ్చే శుక్రవారం అంటే తెల్లారితే వచ్చే ఆగస్టు 1, ఎక్కువమందికి 8. ఒకటో తారీఖు అష్టమి, కొత్త పనులకి ఆ తిథి పెట్టుకోరు కాబట్టి నిశ్చితార్థం అయ్యే అవకాశం తక్కువ, కుంకుమపూజ లాంటిది కావచ్చు. ఎనిమిదైతే పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం, అంటే వరలక్ష్మీ వ్రతం. అది పొద్దున చేసుకునేవాళ్లే ఎక్కువ గానీ ఉద్యోగాలకెళ్లే ఆడవాళ్లు సాయంత్రం అడుగుతారు. పైగా ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక పౌర్ణమి తిథి వచ్చేసింది, సాయంత్రం సత్యనారాయణ వ్రతం చేయించుకుందాం అనుకునేవాళ్లూ ఉంటారు. ఈ రెండూ కలిపేసుకుంటే కష్టం, ఒకదానికి తోరాలు సిద్ధం చేసుకోవాలి, ఇంకోదానికి ఐదు కథలు, రవ్వ ప్రసాదం, టైమూ ఎక్కువే పడుతుంది, తర్వాత ఇంకో ఇంటికి ఒప్పుకున్నావంటే ఇద్దరి దగ్గరా ఇబ్బందే.

సాయంత్రం అన్నారంటే కొన్ని వాటంతటవే పక్కకి పోతాయి. గృహప్రవేశం తెల్లవారుజామునో పొద్దునో పెట్టుకుంటారు, ఆబ్దికం మధ్యాహ్నం జరగాలి.

అందుకే జవాబు ఇలా పెట్టు: "నమస్కారమండీ, ఆగస్టు 8 శుక్రవారం సాయంత్రమేనా? వరలక్ష్మీ వ్రతమా, సత్యనారాయణ వ్రతమా? ఇల్లు పాతదేనా?" తారీఖు అంకెల్లో రాస్తే తేడా ఉంటే వాళ్లే దిద్దుతారు, రెండు పేర్లు ఇస్తే ఒకటి ఎంచి చెప్పడం వాళ్లకీ తేలిక.

కానీ ఆ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారని తెలిస్తే పండగ పేర్లు ఎత్తకు. మాసికం గురించో సంవత్సరీకం గురించో మాట్లాడ్డానికి రమ్మంటున్నారేమో. అప్పుడు మెసేజ్ వద్దు, ఫోన్ చేసి "ఏ కార్యక్రమం అనుకుంటున్నారండీ" అని నెమ్మదిగా అడుగు.

అమెరికా నంబర్ అయితే మటుకు ఎవరి సాయంత్రమో తేల్చుకో. ఆగస్టులో డాలస్‌లో శుక్రవారం రాత్రి 7 అంటే మనకి శనివారం తెల్లవారుజామున 5:30. వీడియోలో పూజ చేయించమంటే ఆ టైముకి నువ్వు స్నానం చేసి కూర్చోవాలి, అదే వాళ్లు ఇక్కడున్న అమ్మానాన్నల ఇంట్లో చేయించమంటే మన సాయంత్రమే. రెండు టైములూ రాసి పంపి, వాళ్లు ఒప్పుకున్నాకే డైరీలో ఎక్కించు.

మీ పెదనాన్న