సందేహాలు – సమాధానాలు: ఇంటిపేరు ఏ గడిలో?

సందేహం: మాది చెన్నై, పశ్చిమ మాంబళం. నా పేరు పోలవరపు రామారావు. అబ్బాయి తెనాలిలో మా నాన్నగారి దగ్గర చదివాడు, సర్టిఫికెట్‌లో పి. సాయి కిరణ్ అని ఉంది. అమ్మాయి ఇక్కడే చదువుతోంది, బడిలో ఆర్. శ్రావణి అని రాసుకున్నారు. ఏ ఫారం చూసినా ఫస్ట్, మిడిల్, లాస్ట్ నేమ్ అంటున్నారు. మనకు చివర వచ్చేది సొంత పేరే కదా! ఏది ఎక్కడ రాయాలి?

సమాధానం: రామారావుగారూ, అబ్బాయి పేరులోని పి మీ ఇంటిపేరుది, అమ్మాయి పేరులోని ఆర్ మీ పేరుది. రెండోది అరవవాళ్ల పద్ధతి, మనది కాదు అని చాలామంది అంటుంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. పోతనగారు తన పేరును రెండు విధాలా చెప్పుకున్నారు. భాగవతం మొదట్లో రాజులకు కృతినివ్వనని తెగేసి చెప్పిన పద్యం "బమ్మెర పోతరాజొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్" అని ముగుస్తుంది. అక్కడున్నది ఇంటిపేరు, సొంత పేరు. తండ్రి ఊసే లేదు. అదే మహానుభావుడు తాను రచించిన స్కంధాల చివరి గద్యలో "కేసనమంత్రిపుత్ర సహజపాండిత్య పోతనామాత్య ప్రణీతంబైన" అంటారు. అక్కడ తండ్రి కేసన ఉన్నాడు, బమ్మెర లేదు. పద్యంలో లోకానికి తానెవరో చెప్పుకోవాలి, అందుకు ఇంటిపేరు చాలు. గద్య గ్రంథానికి సంతకం లాంటిది కాబట్టి ఫలానావారి కొడుకునని చెప్పడం మర్యాద. నాకు ఆ రెండూ ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ఇంటిపేరైనా తండ్రి పేరైనా ముందే వచ్చింది, పోతన మాత్రం రెండుచోట్లా వాటి తర్వాతే నిలిచారు.

దీనికి కారణం మన వ్యాకరణమే. పోలవరం అనే ఊరిపేరు చివర 'పు' చేరి పోలవరపు అయింది. గుర్రం గుర్రపు బండి అయినట్టే ఇదీను. కందుకూరు కందుకూరి అయిందీ ఇలాగే. ఇవి విశేషణాలు. వీటి తర్వాత ఒక నామం రావాలి, లేకపోతే మాట గాలిలో వేలాడుతుంది. ఇప్పుడు తెలుగు శుభలేఖల మీద కూడా సాయి కిరణ్ పోలవరపు అని అచ్చు వేయిస్తున్నారు. పోలవరపు ఏమిటి? కాలువా, పొలమా? ఇంగ్లీషు ఫారం అడిగింది కాబట్టి అలా రాశామంటే అర్థముంది. తెలుగులో తెలుగువాళ్లకు రాసుకునేటప్పుడు కూడా ఈ తలకిందుల వ్యవహారం దేనికి?

ఇక ఫారం సంగతి. లాస్ట్ అంటే చివరిది అని కాదు, కుటుంబానిది అని తీసుకోండి. మన పాస్‌పోర్టులో మూడు గడులు కూడా లేవు, గివెన్ నేమ్, సర్‌నేమ్ రెండే. తండ్రి పేరుకు వేరే చోటుంది కాబట్టి మిడిల్ నేమ్‌లో దాన్ని ఇరికించనక్కర్లేదు. మీ అబ్బాయికి సర్‌నేమ్‌లో పోలవరపు, గివెన్ నేమ్‌లో సాయి కిరణ్ రాస్తే పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే మొదటి వరుస ఇలా ఉంటుంది:

```
P<INDPOLAVARAPU<<SAI<KIRAN<<<<<<<<<<<<<<<<<<
```

జంట గుర్తులకు ముందున్నది సర్‌నేమ్, తర్వాతది సొంత పేరు. సాయి, కిరణ్ మధ్య ఒక్క గుర్తే ఉంది చూడండి, అంటే రెండూ కలిసి ఒకే పేరు. కిరణ్‌ను విడదీసి మిడిల్ నేమ్‌లోకి నెట్టకండి. మీ పేరును కూడా రామా, రావు అని చీల్చి రావును లాస్ట్ నేమ్‌గా రాస్తుంటారు, అది శుద్ధ తప్పు.

సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే పాస్‌పోర్టు వస్తుంది గానీ చిక్కు తర్వాత మొదలవుతుంది. అమెరికా వీసాలో ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ దగ్గర FNU అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడి కార్డుల మీద కూడా అదే ఎక్కుతుంది. అలాగని సర్‌నేమ్‌లో మీ పేరు రాస్తే అమ్మాయిని రామారావు అని పిలుస్తారు. పాన్ కార్డు ఫారమైతే ఇనీషియల్‌ను అసలు ఒప్పుకోదు, విడమర్చి రాయాల్సిందే.

కాబట్టి నా మాట: ఇద్దరికీ సర్‌నేమ్ పోలవరపు, మిడిల్ ఖాళీ. అయితే ఇది పత్రాలు ఇంకా కుదురుకోని వాళ్లకే. అమ్మాయి ఆధార్, పాన్, పాస్‌పోర్టు అన్నీ ఇప్పటికే రామారావుతో ఒక్కలా ఉంటే వ్యాకరణం కోసం కదిలించవద్దు. అక్షరం తేడా లేకుండా అన్నిచోట్లా ఒకేలా ఉండటం అంతకన్నా ముఖ్యం. మార్చాలనే అనుకుంటే పదో తరగతి సర్టిఫికెట్ రాకముందే బడిలో అడిగి చూడండి. ఆ తర్వాతైతే తమిళనాడు గెజిట్‌లో ప్రకటన వేయించి, ఆ ప్రతి చూపించి ఒక్కో పత్రం మార్పించుకోవాలి. గెజిట్‌లో ఇచ్చే ఇంగ్లీషు స్పెల్లింగ్ అబ్బాయి పాస్‌పోర్టులో ఉన్నదే ఉండాలి సుమండీ.