స్క్రిప్ట్ నోట్లో తిరగకపోతే తెలుగు రానట్టు కాదు

"మేడమ్, మా అబ్బాయి బీకాం ఫైనలియర్. స్కూల్ నుంచీ వ్యాసరచనలో ప్రైజులన్నీ వాడికే. ఒక యూట్యూబ్ ఛానెల్‌కి ట్రయల్‌గా స్క్రిప్ట్ రాసిస్తే 'బాగుంది కానీ చదవడానికి రావట్లేదు' అని తిప్పి పంపారు. అప్పట్నుంచి డల్‌గా ఉన్నాడు. మూడు నెలల వాయిస్ ఓవర్ కోర్సు ఉందట, 45 వేలు. అందులో చేర్పించమంటారా, జర్నలిజం పీజీ చేయించమంటారా? వాడు రాసిన మొదటి వాక్యం ఇది: '1955 డిసెంబర్ 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూచే శంకుస్థాపన గావించబడి, 1967లో శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేయగా, 26 గేట్లతో, 124 మీటర్ల ఎత్తుతో, కుడి, ఎడమ కాలువలకు వరుసగా జవహర్, లాల్ బహదూర్ నామకరణం పొందిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు తెలుగు ప్రజలకు వరప్రదాయినిగా నిలిచింది.'" — ఒక తండ్రి, ఒంగోలు

ముందు ఆ వాక్యాన్ని మీరే ఒకసారి పైకి చదవండి. మనసులో కాదు, పక్క గదిలోకి వినపడేలా. "చేయగా" దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, "వరుసగా" దగ్గర నాలుక తడబడుతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఇదంతా దేని గురించో వినేవాడికి చివరి దాకా తెలియదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, దానికి తోడు మీవాడు కర్తను కూడా చివరికే నెట్టాడు. కాగితం మీదైతే కన్ను వెనక్కి వెళ్లి చూసుకుంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. నెహ్రూ, ఇందిర, గేట్లు, ఎత్తు, ఇవన్నీ ఎక్కడ తగిలించాలో తెలియక వినేవాడు మోసుకుంటూ కూర్చోవాలి, అంత ఓపిక ఎవరికుంది, వీడియో మార్చేస్తాడు.

ఇది తెలివి తక్కువై రాసిన వాక్యం కాదండీ. బడిలో ఇలాంటి వాక్యానికే మార్కులు వేశారు, ప్రైజులిచ్చారు, ఇంటికొచ్చినవాళ్లకి మీరు చూపించి మురిసిపోయి ఉంటారు. ఇప్పుడు ఒకే ఒక్క స్క్రిప్ట్ తిరిగొచ్చేసరికి, వాడికి రాయడం వచ్చా రాదా అని మీకే అనుమానం వచ్చింది. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న అదే, కోర్సా పీజీయా అన్నది కాదు. వచ్చు. విషయం సేకరించాడు, తేదీలు సరిగ్గా ఉన్నాయి, చెప్పాల్సిన సంగతులున్నాయి. విషయమే లేనివాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు, వాళ్లకి చెప్పడం కష్టం. మీవాడికి కావలసింది వాక్యం విరవడం, అది నేర్చుకోగలిగిన పని.

అదే సంగతి చెవి కోసం రాస్తే ఇలా ఉంటుంది:

"నాగార్జునసాగర్. కృష్ణా నది మీద రాతితో కట్టిన ఆనకట్ట. నూట ఇరవై నాలుగు మీటర్ల ఎత్తు, ఇరవై ఆరు గేట్లు. దీనికి నెహ్రూ శంకుస్థాపన చేసింది పందొమ్మిది వందల యాభై ఐదు డిసెంబర్‌లో. మరి కాలువల్లోకి నీళ్లు ఎప్పుడొచ్చాయి? ఇంకో పన్నెండేళ్లకి. ఆ నీళ్లు వదిలింది ఆయన కూతురు. అప్పటికి ఆవిడ ప్రధాని, ఇందిరా గాంధీ. కుడి కాలువకు నెహ్రూ పేరే పెట్టారు, జవహర్ కాలువ అని. ఎడమ కాలువది లాల్ బహదూర్ శాస్త్రి పేరు."

పేరు ముందుకొచ్చింది, చూశారా. "వరుసగా" పోయింది, ఎందుకంటే ఏది దేనికో జతపరుచుకునే పని వినేవాడి మీద పెట్టకూడదు. అంకెలు అక్షరాల్లోకి వచ్చాయి. 1955 అని ఉంటే చదివేవాళ్ల కన్ను అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడం రికార్డింగ్‌లో వినపడుతుంది. 'వరప్రదాయిని'ని తీసేశాను. దాని వెనక సమాచారం ఏమీ లేదు.

చిన్న వాక్యాలు రాయమని అందరూ చెప్తారు, అక్కడితో ఆపేస్తారు. తెలుగులో అన్నీ చిన్నవే రాస్తే ఇంకో రోగం వస్తుంది. "నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇంజనీర్లు పని మొదలుపెట్టారు. ఇందిర నీళ్లు వదిలారు." ప్రతి వాక్యమూ 'ఆరు' మీదే పడుతుంది, క్లాసులో హాజరు పిలిచినట్టుంటుంది. అందుకే పైన ఒకచోట క్రియ లేకుండా వదిలేశాను, ఒకచోట ప్రశ్న వేశాను, ఇంకోచోట "వదిలింది ఆయన కూతురు" అని వరస తిప్పాను. రెండు మూడు పొట్టి వాక్యాల తర్వాత కొంచెం పొడుగుది ఒకటి రావాలి. లయ అంటే ఇక్కడ అంతే, ప్రాస కాదు. ప్రాస కోసం వెంపర్లాడే స్క్రిప్టులు రెండు నిమిషాలకే విసుగు పుట్టిస్తాయి.

ఇక పరీక్ష. మైకు దగ్గరికి వెళ్లకముందు ఇంట్లోనే, రికార్డింగ్‌లో ఎంత గొంతుతో చదువుతాడో అంత గొంతుతోనే చదవమనండి. గొణుక్కుంటే ఊపిరి సంగతి బయటపడదు. తడబడ్డ చోట ఆగి దిద్దుకోకుండా పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు పోవాలి. రెండోసారి చదివినప్పుడు కూడా అక్కడే తడబడితే తప్పు వాక్యానిది, మార్చేయాలి. వేరే చోట తడబడితే అది నాలుకది, వదిలేయొచ్చు. ఆగాల్సిన చోట ఒక అడ్డగీత, ఎక్కువసేపు ఆగాల్సిన చోట రెండు గీసుకోవాలి. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఒక్క ఊపిరిలో రాకపోతే ఆ వాక్యం రెండవ్వాలి.

ఆ తర్వాతి మెట్టు చాలామంది ఎగ్గొడతారు. ఆ కాగితాన్ని ఇంతకుముందు చూడని మనిషి చేత చదివించాలి. రాసినవాడికి ఎక్కడ ఒత్తాలో ముందే తెలుసు కాబట్టి చెడ్డ వాక్యాన్ని కూడా గొంతుతో నెట్టుకొచ్చేస్తాడు. మీరు చదవండి, మీ ఆవిడని కాగితం చూడకుండా వినమనండి, మీ అబ్బాయి గీతలు పెట్టుకుంటాడు. వింటూ ఆవిడ "ఎవరు?" అని అడిగిందంటే, అక్కడ 'ఆయన' తీసేసి పేరు మళ్లీ రాయాలి. పేరు రెండుసార్లు వస్తే కంటికి ఎబ్బెట్టుగా ఉంటుందేమో కానీ చెవికి హాయి.

నిడివి కూడా అప్పుడే గడియారం పెట్టి చూసుకోవాలి. నిమిషానికి 150 మాటలన్నది ఇంగ్లీష్ లెక్క. మనకి విభక్తులు మాటకే అతుక్కుంటాయి, మాట పొడవు, నిమిషంలో తక్కువ పడతాయి. ఆ లెక్క నమ్మి ఐదు నిమిషాలకని రాస్తే ఏడు దాటుతుంది, అప్పుడు ఎడిటర్ తనకి తోచినచోట కోస్తాడు.

మీరు అడిగిన పోలికకి వస్తే, ఆ 45 వేల కోర్సు మీద నాకు నమ్మకం లేదు. మైకుకి ఎంత దూరంలో కూర్చోవాలి, గొంతు ఎక్కడ పెంచాలి అన్నవి నేర్పుతారు, మంచిదే. కానీ రాస్తానన్న పిల్లాడిని గొంతు కోర్సుకి పంపడమేంటండీ? వాడిని అడిగారా అసలు? పైగా స్క్రిప్ట్ పని ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్ అడగరు, రాసింది చూపించమంటారు. పీజీ వేరే సంగతి, రెండేళ్లు పడుతుంది, రిపోర్టింగ్ మీద ఇష్టముంటేనే చేయించండి. ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాలు క్యాజువల్ న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్లని రాత పరీక్ష, గొంతు పరీక్ష పెట్టి ప్యానెల్‌లోకి తీసుకుంటాయి. రాయడం, చదవడం రెండూ చూస్తారు కాబట్టి మీవాడికి సరిపోతుంది. కాకపోతే అది పర్మనెంట్ ఉద్యోగం కాదు, డ్యూటీ ఉన్న రోజుకే డబ్బులు. అందుకే బీకాం మాత్రం పూర్తి చేయించండి.

అయినా కోర్సులోనే చేర్పిస్తానంటే, డెమో క్లాసులో ఒక్క మాట అడగండి: ప్రాక్టీసుకి స్క్రిప్టులు ఎవరు రాస్తారు? "మేమే రెడీగా ఇస్తాం" అంటే డబ్బు కట్టకుండా వచ్చేయండి.