పనీర్ కూరకు బదులు ఏది, ఎంత?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం, ఇంట్లో నలుగురమూ పెద్దవాళ్లమే. వారానికి రెండు రాత్రులు పనీర్ కూర వండుతున్నాం, సరుకుల ఖర్చు పెరిగిపోతోంది. మాకు కందిపప్పు కిలో 140 రూపాయలు, గుడ్డు 7, పనీర్ 200 గ్రాములు 90, మీల్ మేకర్ 200 గ్రాములు 40 పడుతున్నాయి. ప్రొటీన్ తగ్గకుండా దేనికి బదులు ఏది వండుకోవచ్చు?

జవాబు: రెండు గుడ్లను కొలతగా పెట్టుకోండి. వాటిలో సుమారు 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంతే ప్రొటీన్ రావాలంటే పనీర్ 65 గ్రాములు, వండని కందిపప్పు 55 గ్రాములు, నానబెట్టని మీల్ మేకర్ 23 గ్రాములు కావాలి. మీ ధరల ప్రకారం ఆ 12 గ్రాములకు పనీర్‌తో 29 రూపాయలు, గుడ్లతో 14, పప్పుతో 8, మీల్ మేకర్‌తో 5 రూపాయల లోపే ఖర్చవుతుంది. కిలో ధర చూస్తే కందిపప్పు కంటే మీల్ మేకరే ఖరీదు. ప్రొటీన్ లెక్కన చూస్తే మాత్రం నాలుగింటిలో అదే చౌక.

మీ నలుగురికి ఒక రాత్రికి 260 గ్రాముల పనీర్ అంటే 117 రూపాయలు. దానికి బదులు 92 గ్రాముల మీల్ మేకర్ వండితే 18 రూపాయలతో సరిపోతుంది. వారానికి ఒక్క రాత్రి మార్చినా నాలుగు వారాల్లో దాదాపు 395 రూపాయలు మిగులుతాయి. రెండో రాత్రి పనీర్‌ను అలాగే ఉంచమంటాను, ఎందుకంటే పనీర్‌తో వచ్చే కాల్షియం మీల్ మేకర్‌తో అంతగా రాదు. రెండు రాత్రులూ మార్చాలనుకుంటే మిగిలిన డబ్బులో కొంత పాలకో పెరుగుకో కేటాయించండి.

ఈ లెక్క సాధారణంగా తప్పేది తూకంలోనే. మీల్ మేకర్ వేడినీళ్లలో నానితే ఉబ్బి, నీటి బరువుతో ఎన్నో రెట్లు తూగుతుంది కాబట్టి, నానిన తరువాత 92 గ్రాములు తూచితే మీకు అందే ప్రొటీన్ చాలా తగ్గిపోతుంది. పప్పుకూ ఇదే వర్తిస్తుంది: 220 గ్రాముల కందిపప్పును ముద్దపప్పుగా వండి నలుగురూ పూర్తిగా తింటేనే ఈ లెక్క నిలుస్తుంది గాని, గుప్పెడు పప్పుతో కాచిన పప్పుచారు రెండు గరిటెలు పోసుకుంటే కాదు. పప్పులోని ప్రొటీన్ గుడ్డులోని దానంత పూర్తిగా ఒంటికి పట్టదు. అన్నంతో కలిపి తింటే ఆ లోటు కొంత తీరుతుంది, మన ఇళ్లలో ఎలాగూ అలాగే తింటాం. అయితే అంత పప్పుతో పిండిపదార్థమూ ఎక్కువగా వస్తుంది కనుక, షుగర్ ఉన్నవారు ఆ పూట అన్నం కొంత తగ్గించుకోవాలి.

మీల్ మేకర్ నూనెను బాగా పీల్చుకుంటుంది. వేయించకుండా, నీళ్లు పిండేసి నేరుగా మసాలాలో ఉడికించండి. లేకపోతే మిగిల్చింది నూనె ఖర్చుకే పోతుంది. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు కనుక, మాత్రకూ మీల్ మేకర్ కూరకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో డాక్టరును అడిగి తెలుసుకోండి.