ఎండలో ఫోన్ ఛార్జింగ్ ఆగిపోవడం: కారణం, చల్లబరిచే పద్ధతి

ప్రశ్న: "మధ్యాహ్నం ఛార్జింగ్ పెడితే Charging paused: Battery temperature too high అని వచ్చి ఆగిపోతోంది. ఫోన్ పాడైనట్టేనా? కాసేపు ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?"

చాలా సందర్భాల్లో ఫోన్ పాడవలేదు. బ్యాటరీని కాపాడుకునేందుకు అదే ఆగింది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.

బ్యాటరీ ప్యాక్‌లో థర్మిస్టర్ అనే చిన్న భాగం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. సాధారణంగా 25 డిగ్రీల వద్ద 10,000 ఓమ్‌లు ఉండేది 45 డిగ్రీలకు వచ్చేసరికి సగం కన్నా తక్కువకు పడిపోతుంది. ఛార్జింగ్‌ను నడిపే చిప్ ఈ మార్పును గమనిస్తూ, వేడి ఎక్కువైనప్పుడు ముందు కరెంటును తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే పూర్తిగా ఆపేస్తుంది. లిథియం అయాన్ సెల్‌ను ఛార్జ్ చేయడానికి తయారీదారులు సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల వరకే అనుమతిస్తారు. కచ్చితంగా ఎక్కడ ఆగాలన్నది ఒక్కో ఫోన్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. నిండుగా ఛార్జ్ అయిన సెల్ వేడిగా కూడా ఉంటే, లోపలి ఎలక్ట్రోలైట్ త్వరగా విచ్ఛిన్నమై, వాయువులు పుట్టి, బ్యాటరీ ఉబ్బే అవకాశం పెరుగుతుంది కాబట్టే ఈ జాగ్రత్త.

ఇది ఎండాకాలంలోనే ఎందుకు వస్తుందో ఒక లెక్కతో చెబుతాను. ఫోన్‌లో ఫ్యాన్ లేదు. లోపల పుట్టిన వేడి వెనక మూత నుంచి, తెర నుంచి చుట్టూ ఉన్న గాలిలోకే పోవాలి. వేగంగా ఛార్జ్ అవుతున్నప్పుడు ఒక ఫోన్ చుట్టూ ఉన్న గాలి కంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. 28 డిగ్రీల గదిలో అది 38 దగ్గర నిలుస్తుంది, ఏ హెచ్చరికా రాదు. అదే ఫోన్, అదే ఛార్జర్, గది 42 డిగ్రీలుంటే 52కు చేరాలి. అంతదాకా పోనివ్వకుండా మధ్యలోనే ఆపేస్తుంది.

గత మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు కారులో వస్తున్నప్పుడు మాకు ఇదే జరిగింది. ఫోన్ ముందు అద్దానికి తగిలించిన స్టాండ్‌లో ఉంది, తెర పూర్తి వెలుగులో ఉంది, మ్యాప్ నడుస్తోంది, ఛార్జర్ కూడా పెట్టి ఉంది. సూర్యాపేట దాటాక హెచ్చరిక వచ్చింది. వెనక రబ్బరు కవర్ తీసి చూస్తే కెమెరా పక్కన వేలు ఆనించలేనంత వేడి. అద్దం గుండా పడే ఎండ, మ్యాప్ కోసం పనిచేసే ప్రాసెసర్, తెర, ఛార్జింగ్ అన్నీ ఒకేచోట వేడిని పోగుచేశాయి. మేము కేబుల్ తీసేసి, తెర వెలుగు తగ్గించి, కవర్ లేకుండానే ఫోన్‌ను ఏసీ గాలి వచ్చే చోట పెట్టుకునే స్టాండ్‌లోకి మార్చి, మ్యాప్‌ను మాట రూపంలో వింటూ వచ్చాము. కొంతసేపటికి ఛార్జింగ్ మళ్లీ అందుకుంది. ఆగిన డిగ్రీ దగ్గరే వెంటనే మొదలు కాకుండా, ఇంకొంచెం చల్లబడ్డాకే మొదలయ్యేలా ఫోన్లు ఉంటాయి. అందుకే కేబుల్‌ను మాటిమాటికీ తీసి పెట్టడం వల్ల లాభం లేదు.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. కవర్ తీయండి, దిండు మీదో పరుపు మీదో కాకుండా నీడలో ఉన్న గచ్చు నేల మీద పెట్టండి, హాట్‌స్పాట్, ఆటలు ఆపండి, టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా చూడండి. ఫ్యాన్ గది గాలి కంటే ఫోన్‌ను చల్లగా చేయలేదు. గాలికీ ఫోన్‌కూ ఉన్న తేడాను తగ్గిస్తుంది, చాలాసార్లు ఆ తగ్గుదలే సరిపోతుంది. ఎండ మండే వేళ వేగవంతమైన ఛార్జింగ్‌ను సెట్టింగ్‌లలో ఆపివేయడం, లేదా తెల్లవారుజామున ఛార్జ్ చేసుకోవడం ఇంకా మేలు. వైర్‌లెస్ ప్యాడ్ వాడుతుంటే ఈ నెలల్లో మానేయండి, దానిలో వేడిగా వృథా అయ్యే శక్తి కేబుల్ కంటే ఎక్కువ.

ఫ్రిజ్ ఎందుకు వద్దంటే, బాగా చల్లబడిన ఫోన్‌ను బయటకు తీసినప్పుడు ఉక్కపోత గాలిలోని తేమ దాని మీదా, లోపలా నీటి బిందువులుగా పేరుకుంటుంది. వేడి కన్నా ఆ తేమే బోర్డుకు ఎక్కువ చేటు చేయవచ్చు.

అసలు లోపం ఉందేమో తెలుసుకోవాలంటే, ఫోన్ చేతికి చల్లగా తగులుతున్నప్పుడు, ఉదయం పూట కేబుల్ పెట్టి చూడండి. అప్పుడూ అదే హెచ్చరిక వస్తే థర్మిస్టర్ గానీ, దాని తీగ గానీ దెబ్బతిని ఉండవచ్చు. బ్యాటరీ మార్పించిన తరువాత మొదలైతే ఈ అనుమానం మరింత బలపడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో USB debugging ఆన్ చేసి, adb అనే ఉపకరణం ఉన్న కంప్యూటర్‌కు కలిపి, ఆ కంప్యూటర్‌లో ఈ ఆదేశం ఇస్తే బ్యాటరీ వేడి అంకె కనిపిస్తుంది:

```
adb shell dumpsys battery
```

అందులో `temperature: 463` అని ఉంటే 46.3 డిగ్రీలని అర్థం. చల్లని ఫోన్‌లో ఇంత పెద్ద అంకె కనిపిస్తే ప్యాక్ మార్పించాలి. వెనక మూత కాస్త పైకి లేచినట్టు, తెర అంచున సందు వచ్చినట్టు కనిపిస్తే మాత్రం అంకెల కోసం చూడకుండా ఛార్జింగ్ మానేసి, నొక్కకుండా, ఆ రోజే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.